రక్తంలో మందు, మాత్రికలో లెక్క

నరంలోకి ఇంజక్షన్ ఇచ్చాక రక్తంలో మందు తగ్గే తీరును గ్రాఫు గీస్తే, చాలా మందుల విషయంలో గీత మొదట నిటారుగా పడిపోయి, తర్వాత నింపాదిగా దిగుతుంది. ఎందుకంటే మందు రక్తంలోనే కూర్చోదు. కొంత కణజాలంలోకి చేరుతుంది, అక్కడినుంచి మళ్లీ రక్తంలోకి వస్తుంది. ఒంట్లోంచి బయటికి పోయేది మాత్రం, మన లెక్కలో, రక్తంలోంచే.

లెక్క తేలిగ్గా తెగేలా అంకెలు ఎంచుకుందాం. రక్తంలోని మందు గంటకు 2 రేటున బయటికి, 1 రేటున కణజాలంలోకి పోతోంది. కణజాలంలోది 2 రేటున రక్తంలోకి తిరిగొస్తోంది. రేటు 2 అంటే, 300 మిల్లీగ్రాములు ఉన్న క్షణంలో వేగం గంటకు 600. మందు తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది. రక్తంలోది r, కణజాలంలోది k అనుకుంటే:

```
r' = -3r + 2k
k' =   r - 2k
```

ఒక్క అరే ఉండి, r' = -3r అయితే జవాబు మనకు తెలిసిందే: మొదటి మోతాదును e^(-3t)తో గుణించడం. ఇక్కడ రెండూ ఒకదానిమీద ఒకటి ఆధారపడ్డాయి కాబట్టి -3 స్థానంలో నాలుగు గుణకాల మాత్రిక A వస్తుంది, జవాబు e^(At)తో గుణిస్తే వస్తుంది. మాత్రికను ఘాతంలో పెట్టడమేమిటి? e^xకు ఉన్న శ్రేణిలోనే xకు బదులు At రాస్తాం: I + At + (At)²/2 + … ఇలా సాగుతుంది. నిర్వచనం బాగానే ఉంది కానీ చేత్తో కూడుతూ కూర్చోలేం.

దగ్గరి దారి ఒకటుంది. రెండు అరల్లోనూ చెరి 100 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. రక్తం మార్పు -300 + 200, అంటే -100. కణజాలం మార్పు 100 - 200, అదీ -100. రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి, నిష్పత్తి చెదరదు. అంటే (1, 1) దిశలో ఈ జంట వ్యవస్థ -1 అనే ఒక్క అంకెలా ప్రవర్తిస్తోంది. అలాంటిదే ఇంకో దిశ (2, -1), దాని అంకె -4. ఇవే ఐగెన్ సదిశలు, ఐగెన్ విలువలు. కణజాలంలో -1 మందు ఉండదుగా అంటారేమో. ఉండదు, అది లెక్కలో తీసివేతకు వచ్చే భాగం మాత్రమే.

ఇప్పుడు 300 మిల్లీగ్రాములు రక్తంలోకి ఎక్కించాం. ఆ (300, 0)ను 100×(1, 1), 100×(2, -1)ల మొత్తంగా విడగొట్టి, మొదటిదాన్ని e^(-t)తో, రెండోదాన్ని e^(-4t)తో తగ్గిస్తే చాలు:

```
r = 100 e^(-t) + 200 e^(-4t)
k = 100 e^(-t) - 100 e^(-4t)
```

గ్రాఫు నడుము విరిగినట్టు ఎందుకుందో ఇక్కడే తెలుస్తోంది. -4 భాగం గంటలో దాదాపు ఆరిపోతుంది, తర్వాత కనిపించే నింపాది గీతంతా -1దే. కణజాలంలో మందు సుమారు 28 నిమిషాలకు 47 మిల్లీగ్రాముల గరిష్ఠానికి చేరి దిగుతుంది. గంట తర్వాత రక్తంలో 40, కణజాలంలో 35. ఐగెన్ సదిశలను నిలువు వరుసలుగా P అనే మాత్రికలో, ఐగెన్ విలువలను వికర్ణంపై Dలో పేర్చితే, మనం చేసిందంతా e^(At) = P e^(Dt) P⁻¹ అని ఒక్క వరుసలో ఇమిడిపోతుంది.

కంప్యూటర్‌కు అప్పగించినప్పుడు జరిగే పొరపాటు ఒకటి చూడండి.

```python
import numpy as np
from scipy.linalg import expm
A = np.array([[-3, 2], [1, -2]])
x = np.array([300, 0])
print(expm(A) @ x)
print(np.exp(A) @ x)
```

మొదటి print గంట తర్వాతి సరైన జవాబే ఇస్తుంది. రెండోది మాత్రికలోని ఒక్కో అంకెకు విడివిడిగా e ఘాతం కట్టి, కణజాలంలో సుమారు 815 మిల్లీగ్రాములు ఉన్నాయంటుంది. ఎక్కించింది 300! ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, తప్పని చెప్పదు. మొత్తం మందు పెరిగిందా అని మనమే చూసుకోవాలి.

ఈ దగ్గరి దారి ప్రతిచోటా సాగదు. మన ఉదాహరణలో మందు అటూ ఇటూ తిరుగుతోంది కాబట్టి రెండు ఐగెన్ విలువలూ తప్పకుండా వేరువేరుగా ఉంటాయి, విడగొట్టడం ఎప్పుడూ కుదురుతుంది. అదే నోటితో మింగిన మందైతే పొట్టలోంచి రక్తంలోకి ఒకటే దారి, వెనక్కి రాదు. పొట్టను వదిలే రేటు, రక్తాన్ని వదిలే రేటు రెండూ 1 అయితే రెండు ఐగెన్ సదిశలు దొరకవు, దొరికేది ఒక్కటే. P⁻¹ అనేదే లేదు. అయినా e^(At) ఉంటుంది, శ్రేణికి P అక్కర్లేదుగా. అప్పుడు రక్తంలోని మందు t e^(-t) ఆకారంలో పెరిగి తగ్గుతుంది.

అసలు చిక్కు రేట్లు సమానమైనప్పుడు కాదు, కొద్దిలో తప్పిపోయినప్పుడు. 1, 0.999 అయితే సూత్రం పని చేస్తుంది, కానీ దాదాపు సమానమైన రెండు అంకెల తేడా తీసి 1000తో గుణించమంటుంది. తేడా ఇంకా తగ్గేకొద్దీ ఆ గుణకం పెరుగుతుంది, దాంతో గుండుసున్నా పక్కన దాగిన చిల్లర దోషాలూ పెరుగుతాయి. క్లీవ్ మోలర్, చార్లెస్ వాన్ లోన్ 1978లో మాత్రికా ఘాతాన్ని కట్టే పంతొమ్మిది పద్ధతులను పరిశీలిస్తూ రాసిన వ్యాసానికి, అవన్నీ సందేహాస్పదమేనని శీర్షికలోనే పెట్టారు. ఐగెన్ సదిశల దారి కూడా ఆ పంతొమ్మిదిలోదే. అందుకే expm లాంటి ప్రోగ్రాములు సాధారణ మాత్రికకు దాన్ని నమ్ముకోవు. మాత్రికను 2 చేత పదేపదే భాగించి చిన్నది చేసి, దాని ఘాతాన్ని భిన్నరూప అంచనాతో కట్టి, భాగించినన్ని సార్లూ వర్గం చేసి వెనక్కి తెస్తాయి.