ఆపరేషన్ వికటిస్తే ఆసుపత్రి ఏం చెప్పాలి?

సంస్థ పేరు దెబ్బతినే ఘటన జరిగినప్పుడు ఎవరికి, ఎప్పుడు, ఏం చెప్పాలో తేల్చుకునే పనిని ప్రజా సంబంధాల రంగంలో ‘క్రైసిస్ కమ్యూనికేషన్’ అంటారు. ఈ రంగంలో ఎక్కువగా వాడుకలో ఉన్న సిద్ధాంతాల్లో ఒకదాన్ని అమెరికా ఆచార్యుడు తిమోతీ కూంబ్స్ రూపొందించారు. ఏదైనా అనర్థం జరిగితే జనం ముందుగా లెక్కగట్టేది అందులో ఆ సంస్థ తప్పు ఎంత అన్నదే. కాబట్టి సంస్థ ఇచ్చే సమాధానం ఆ లెక్కకు తగ్గట్టు ఉండాలన్నది ఆయన వాదన.

ఈ లెక్క ప్రకారం కూంబ్స్ సంక్షోభాలను మూడు రకాలుగా విడదీశారు. మొదటి రకంలో సంస్థ కూడా బాధితురాలే. వరదలు, బయటివాళ్లు చేసిన కుట్ర ఇందులోకి వస్తాయి. రెండో రకం ప్రమాదం. జాగ్రత్తలు తీసుకున్నా యంత్రం మొరాయించడం లాంటిది. మూడో రకం ఆపగలిగి కూడా ఆపనిది. నియమాన్ని పక్కన పెట్టడం, తెలిసీ పట్టించుకోకపోవడం ఇక్కడి సంగతులు. మొదటి రకంలో తప్పు తనది కాదని చెప్పుకోవచ్చు. రెండో రకంలో ఎలా జరిగిందో వివరించుకోవచ్చు. మూడో రకంలో క్షమాపణ, పరిహారం తప్ప మరేదీ నిలబడదు.

కాగితం మీద ఇది తేలిగ్గానే కనిపిస్తుంది. ఆసుపత్రి దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. మాట్లాడాల్సిన రోజున కారణం ఇంకా తేలి ఉండదు.

ఒక కల్పిత ఘటన తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రి ఉంది. మంగళవారం 18 మందికి శుక్లాల ఆపరేషన్లు జరిగాయి. బుధవారం కట్టు విప్పాక అందరినీ ఇళ్లకు పంపారు. ఆ రాత్రి ఒకరికి కంటినొప్పి మొదలైంది. గురువారం ఉదయానికి ఐదుగురు తిరిగి వచ్చారు. అందరికీ కన్ను ఎర్రబడింది, నొప్పి ఉంది, చూపు మసకబారింది. కంటి లోపలి ఇన్ఫెక్షన్ అని డాక్టర్లు గుర్తించారు. పది గంటలకల్లా బంధువులు గేటు ముందు బైఠాయించారు. వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ‘ఆపరేషన్ వికటించి చూపు కోల్పోయిన రోగులు’ అని టీవీలో స్క్రోలింగ్ వచ్చేసింది.

కారణం మూడింటిలో ఏదైనా కావచ్చు. ఆపరేషన్ సమయంలో కంటిని కడిగే ద్రవం కంపెనీ నుంచే కలుషితమై వచ్చి ఉండవచ్చు. అది మొదటి రకం. పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్, సమయానికి సర్వీసింగ్ జరిగినా ఆ రోజు పాడై ఉండవచ్చు. అది రెండో రకం. లేదా శుద్ధి పూర్తి కాలేదని ఇండికేటర్ చూపించినా, ఆపరేషన్లు ఆలస్యమవుతాయని అవే పరికరాలు వాడి ఉండవచ్చు. అది మూడో రకం. ఏది నిజమో తేలాలంటే కంటి నుంచి, ద్రవం నుంచి తీసిన నమూనాల కల్చర్ రిపోర్టులు రావాలి, రిజిస్టర్లు చూడాలి. దానికి రెండు మూడు రోజులైనా పడుతుంది. టీవీ మైకు మాత్రం ఇప్పుడే ముందుంది.

ఇలాంటప్పుడు మన దగ్గర ఎక్కువగా వినిపించే మాట ఇది: ‘మా వైపు నుంచి ఎలాంటి నిర్లక్ష్యమూ లేదు. గిట్టనివాళ్లు దుష్ప్రచారం చేస్తున్నారు.’ ఇది ఖండన, ఎదురుదాడి కలిసిన వ్యూహం. ద్రవమే కలుషితమని తేలితే మొదటి వాక్యం నిలుస్తుంది. మిగతా రెండు సందర్భాల్లో అది అబద్ధమవుతుంది. రెండో వాక్యం ఏ సందర్భంలోనూ నిలవదు. ఎందుకంటే గేటు ముందున్నది గిట్టనివాళ్లు కాదు, రోగుల బిడ్డలు. పైగా ఆటోక్లేవ్ సంగతి తర్వాత బయటపడితే, నిర్లక్ష్యం అనే ఆరోపణకు దాచిపెట్టడం అనే రెండో ఆరోపణ తోడవుతుంది. జనం మొదటిదాన్ని క్షమించినా రెండోదాన్ని క్షమించరు.

తప్పును ఇంకొకరి మీదికి నెట్టడం మరో దారి. ‘సెలైన్ కంపెనీదే బాధ్యత’ అని మొదటిరోజే ప్రకటించడం ఇందులోకి వస్తుంది. అది చివరికి నిజమే కావచ్చు. కానీ రిపోర్టు రాకముందే అంటే తప్పించుకోవడంలా వినిపిస్తుంది. నింద ఒక నర్సు మీదో టెక్నీషియన్ మీదో వేస్తే పరిస్థితి ఇంకా పాడవుతుంది. సస్పెండైన ఉద్యోగి మర్నాడు బయటికొచ్చి, పాత ఇండికేటర్ల గురించి ఎన్నిసార్లు చెప్పినా యాజమాన్యం వినలేదని అంటే, తప్పు ఒక్కసారిగా సంస్థ మొత్తానిదవుతుంది.

మూడో దారి తీవ్రత తగ్గించి చెప్పడం. ‘శుక్లాల ఆపరేషన్‌లో ఇన్ఫెక్షన్ ఎక్కడైనా వచ్చేదే. ఇద్దరికి షుగర్ కూడా ఉంది.’ ఒక్క రోగి విషయంలో ఈ వివరణ ఇవ్వవచ్చు. ఎందుకంటే అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఈ ఇన్ఫెక్షన్ అరుదుగా వస్తుంది. అయితే అది వచ్చేది సుమారు వెయ్యి ఆపరేషన్లలో ఒకదానికి, లేదా అంతకన్నా తక్కువ. ఒకే రోజు, ఒకే థియేటర్‌లో 18 మందిలో ఐదుగురికి రావడం యాదృచ్ఛికం కాదని ఏ కంటి డాక్టరైనా టీవీ చర్చలో చెప్పేస్తారు. షుగర్ మాట ఎత్తడంలో ఇంకో తప్పు ఉంది. రోగి వివరాలు అనుమతి లేకుండా బయటపెట్టడం వైద్య నీతికి విరుద్ధం.

అలాగని మొదటిరోజే ‘తప్పు మాదే, క్షమించండి’ అనడం సరైనదా? మూడో రకం అని తేలితే అదే సరైన మాట. ద్రవానిదే దోషమని తేలితే మాత్రం ఆసుపత్రి చేయని తప్పును నెత్తిన వేసుకున్నట్టవుతుంది. అదే ద్రవాన్ని వాడుతున్న మిగతా ఆసుపత్రుల దృష్టి కూడా అసలు ప్రమాదం మీద పడదు. కాబట్టి తొందరపాటు క్షమాపణకూ నష్టం ఉంది, ఖండనకున్నంత కాకపోయినా.

నాలుగు దారుల్లో ఏదీ మూడు సందర్భాల్లోనూ నిలవలేదు. అన్నిటికీ సరిపోయేది ఇంకొకటి ఉంది. ఏ సంక్షోభంలోనైనా ప్రతిష్ఠ గురించి ఆలోచించే ముందు రెండు రకాల సమాచారం ఇచ్చి తీరాలంటారు కూంబ్స్. జనం తమను తాము ఎలా కాపాడుకోవాలో చెప్పేది మొదటిది. జరిగినదాన్ని తట్టుకోవడానికి తోడ్పడేది, అంటే సానుభూతి, ఏం చేస్తున్నామన్న వివరం, రెండోది.

ఈ ఘటనలో మొదటి రకం సమాచారం చికిత్సలో భాగమే. ఆపరేషన్ చేయించుకున్న మిగతా 13 మంది ఊళ్లలో ఉన్నారు. నొప్పి, ఎరుపు, మసక కనిపిస్తే గంటలు లెక్కపెట్టుకుని రావాలి. కంట్లోకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే చూపు దక్కే అవకాశం అంత ఎక్కువ. కాబట్టి ప్రెస్‌మీట్ కంటే ముందు ఆ 13 ఇళ్లకు ఫోన్లు వెళ్లాలి. ఐదుగురి కుటుంబాలను గేటు దగ్గర కాకుండా ఒక గదిలో కూర్చోబెట్టి ఆపరేషన్ చేసిన డాక్టరే మాట్లాడాలి. జిల్లా వైద్యాధికారికి సమాచారం వెళ్లాలి. థియేటర్ మూసి, మిగిలిన ద్రవం సీసాలను బ్యాచ్ నంబరుతో సహా సీలు వేయాలి. ఇవన్నీ జరిగాక మైకు ముందు చెప్పాల్సిన మాట సుమారు ఇలా ఉంటుంది:

‘మంగళవారం ఆపరేషన్ చేయించుకున్న 18 మందిలో ఐదుగురికి కంట్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. వారికి చికిత్స జరుగుతోంది. ఆ ఖర్చంతా ఆసుపత్రిదే. మా దగ్గరకు వచ్చినవారికి ఇలా జరిగినందుకు చాలా బాధపడుతున్నాం. మిగతా 13 మందినీ ఈరోజే పరీక్షకు పిలిచాం. కారణం ఇంకా తెలియదు. తేలేదాకా ఆపరేషన్లు ఆపేశాం. నమూనాలు ల్యాబ్‌కు పంపాం. సాయంత్రం ఆరు గంటలకు మళ్లీ వివరాలు చెబుతాం.’

మూడు కారణాల్లో ఏది తేలినా ఇందులో ఒక్క వాక్యాన్ని కూడా వెనక్కి తీసుకోనక్కర్లేదు. ఇందులో బాధ ఉంది కానీ నేరాంగీకారం లేదు. ఖర్చు భరిస్తామన్న మాట ఉంది కానీ అది పరిహారం బేరం కాదు. ‘ఇంకా తెలియదు’ అన్న మాట బలహీనంగా కనిపించవచ్చు. మళ్లీ ఎప్పుడు చెబుతారో గంట కొట్టి చెప్పడం వల్ల ఆ లోటు తీరుతుంది. ఆరు గంటలకు కొత్త విషయం లేకపోయినా వచ్చి ఆ మాటే చెప్పాలి. రాకపోతే ఆ ఖాళీని వదంతి నింపుతుంది.

రిపోర్టు వచ్చాక వ్యూహం ఎంచుకోవాలి. ద్రవం కలుషితమైతే ల్యాబ్ ఫలితాన్ని, బ్యాచ్ నంబరును ఔషధ నియంత్రణ అధికారులకిచ్చి ఆ సంగతి బయటపెట్టాలి. అప్పుడు తప్పు తమది కాదనడం నెపం కాదు, హెచ్చరిక. యంత్రం పాడైతే సర్వీసింగ్ రికార్డు చూపించి వివరించవచ్చు. సిబ్బంది నియమం దాటితే, మీడియా తవ్వి తీయకముందే ఆసుపత్రే చెప్పాలి. సంస్థ తన తప్పును తానే ముందుగా చెప్పినప్పుడు నమ్మకం తక్కువగా దెబ్బతింటుందని ఈ రంగంలోని పరిశోధనలు చూపించాయి. అమెరికాలోని సియాటిల్‌లో వర్జీనియా మేసన్ ఆసుపత్రి 2004లో ఇదే చేసింది. రంగులేని రెండు ద్రవాలు పక్కపక్కన ఉండటంతో, రక్తనాళాల్లోకి ఎక్కించాల్సిన డైకి బదులు క్రిమిసంహారక ద్రవం ఎక్కించడంతో ఒక మహిళ మరణించారు. ఆసుపత్రి ఆ తప్పును తనంతట తానే బహిరంగంగా ఒప్పుకుంది. రోగుల భద్రతకు ఆమె పేరిట ఏటా ఒక అవార్డు ఇస్తోంది.

ఈ దశలో లాయర్లు అడ్డుచెబుతారు. క్షమాపణ కోర్టులో సాక్ష్యమవుతుందన్నది వారి భయం. అది ఉత్తి భయం కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డాక్టరు చెప్పిన సానుభూతి మాటను సాక్ష్యంగా వాడుకోకుండా చట్టాలున్నాయి. భారతదేశంలో అలాంటి ప్రత్యేక రక్షణ లేదు. 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వచ్చాయి. అందుకే మొదటిరోజు ప్రకటనలో బాధపడటానికీ తప్పు ఒప్పుకోవడానికీ మధ్య గీత జాగ్రత్తగా గీయాలి. అయితే మౌనం కేసులను ఆపుతుందన్న నమ్మకానికి ఆధారం బలహీనం. మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్య వ్యవస్థ 2001 నుంచి తప్పులను రోగులకు తానే చెప్పి, పరిహారం ఇవ్వజూపడం మొదలుపెట్టింది. ప్రతి లక్ష రోగి సందర్శనలకు నెలకు సుమారు ఏడుగా ఉన్న కొత్త క్లెయిములు నాలుగున్నరకు తగ్గినట్టు 2010లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇది ఒక్క సంస్థ అనుభవమే. తగ్గుదల మొత్తం ఆ విధానం వల్లే అనడానికి లేదు. కానీ నిజం చెబితే కేసులు వెల్లువెత్తుతాయన్న భయం మాత్రం అక్కడ నిజం కాలేదు.

మంచి ప్రకటనను కూడా నీరుగార్చేవి రెండున్నాయి. మొదటిది పాత చరిత్ర. రెండేళ్ల కింద ఇదే ఆసుపత్రిలో ఇలాంటిదే జరిగి ఉంటే, ఈసారి యంత్రం పాడవడాన్ని కూడా జనం నిర్లక్ష్యంగానే చూస్తారు. అప్పుడు ఒక మెట్టు పైకి ఎక్కి సమాధానం చెప్పాలి. రెండోది మాటకూ చేతకూ పొంతన లేకపోవడం. రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనలు చెబుతున్నాయి. బయట మైకు ముందు సానుభూతి చెబుతూ, లోపల కేసు షీటు ఇవ్వకుండా తిప్పుకుంటే కుటుంబానికి అర్థమయ్యేది రెండోదే.

వ్యూహం పనిచేసిందో లేదో ఒకటి రెండు వారాల్లో తెలుస్తుంది. కొత్త సంగతులు కుటుంబాలకు టీవీ కంటే ముందు ఆసుపత్రి నుంచే అందుతున్నాయా? మొదటిరోజు చెప్పిన ఏ మాటనైనా సవరించాల్సి వచ్చిందా? థియేటర్ మళ్లీ తెరిచినప్పుడు కారణం ఏమిటో, ఏం మార్చారో చెప్పారా? ఈ మూడింటికీ సరైన జవాబు ఉంటే సంక్షోభం ముగిసినట్టు. కారణం చెప్పకుండానే ఆపరేషన్లు మొదలుపెడితే తదుపరి ఇన్ఫెక్షన్‌తో అది మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.