చెరిపిన చోట ఫోన్ ఏం వేస్తుంది?

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్న ఏడింటికి తీసిన ఫొటో ఒకటి ఉందనుకుందాం. అమ్మా నాన్నా, మధ్యలో పాప, వెనక సముద్రం. ఫొటో బాగానే వచ్చింది గానీ, అందులో పిలవని చుట్టాలు ముగ్గురున్నారు. ఒకడు దూరంగా పొడి ఇసుకలో ఎర్ర టీషర్టు వేసుకుని నిలబడ్డ కుర్రాడు. రెండో ఆవిడ నీళ్ల అంచున తడి ఇసుక మీద నడిచిపోతోంది. మూడో ఆయన అమ్మ వెనక నుంచి సగం బయటికి కనిపిస్తున్నాడు, ఆయన మోచెయ్యి అమ్మ కొంగు జరీ అంచును ఆనుకుని ఉంది. ముగ్గురినీ తీసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఫోన్ గ్యాలరీలోని ఎరేజర్‌తో మొదటివాడు క్షణంలో పోతాడు, రెండో ఆవిడ కాస్త ఓపిక పడితే పోతుంది. మూడో ఆయన దగ్గరే అసలు చిక్కు.

ముందు ఆ పనిముట్టు ఎక్కడుంటుందో చూద్దాం. గూగుల్ ఫొటోస్‌లో దీని పేరు Magic Eraser. 2021లో పిక్సెల్ 6 ఫోన్‌తో పాటు వచ్చింది, 2024 మే నుంచి మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఉచితంగా అందడం మొదలైంది. శామ్‌సంగ్ గ్యాలరీలో Object eraser అని ఉంటుంది. ఐఫోన్‌లో దీన్ని Clean Up అంటారు. 2024 అక్టోబరులో వచ్చిన iOS 18.1తో ఇది మొదలైంది, అదీ 15 ప్రో, 16 వంటి మోడళ్లలోనే. మిగతా కంపెనీల ఫోన్లలో ఫొటో తెరిచి Edit నొక్కితే, లోపల Erase అనో Remove అనో కనిపిస్తుంది. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా బటన్ చోటు మారుతుంటుంది కాబట్టి చోటు కంటే పేరు గుర్తుపెట్టుకోవడం మేలు. పేరు ఏదైనా వాడే తీరు ఒకటే: వద్దనుకున్న దాని మీద వేలితో రుద్దాలి, లేదా దాని చుట్టూ గీత గీయాలి, కాసేపు ఆగాలి.

ఆ కాసేపట్లో జరిగేదేమిటో తెలిస్తే, ఏది పోతుంది, ఏది పోదు అన్నది మీరే చెప్పగలరు. చాలామంది అనుకునేది ఏమిటంటే, మనిషిని తీసేస్తే వెనక ఉన్నది బయటపడుతుందని. బయటపడదు. కెమెరాకు ఆ మనిషి అడ్డం ఉన్నాడు, వెనకున్నది ఫొటోలో ఎప్పుడూ పడనేలేదు. ఫోన్ చేసేది చిరుగుకు మాసిక వేసే దర్జీ పని: చుట్టూ ఉన్న బట్ట రంగూ నేతా చూసి, దానికి కలిసే ముక్క తెచ్చి కుడుతుంది. 2010లో ఫొటోషాప్‌లో ఇలాంటి సౌకర్యం వచ్చినప్పుడు, ఆ ముక్క కోసం అదే ఫొటోలోని ఇతర భాగాల్లో వెతికేది. ఇప్పటి ఫోన్లలోని ప్రోగ్రాములు అంతకు ముందే లెక్కలేనన్ని ఫొటోల మీద శిక్షణ పొంది ఉంటాయి. ఇసుక ఎలా ఉంటుందో, అల ఎలా విరుగుతుందో వాటికి కొంత అలవాటు ఉంది. అయినా అది ఊహే. ఆ చోట నిజంగా ఏముందో దానికి తెలియదు.

ఇప్పుడు ఎర్ర టీషర్టు కుర్రాడి దగ్గరికి వెళ్దాం. చుట్టూ పొడి ఇసుకే. ఇసుకకు వరసా లేదు, గీతా లేదు, ఎక్కడి ముక్క తెచ్చి ఎక్కడ వేసినా ఎవరూ పట్టుకోలేరు. ఆకాశం, గడ్డి, సున్నం వేసిన గోడ, సముద్రం కూడా ఇలాంటివే. రెండు వేళ్లతో ఫొటోను జూమ్ చేసి, వాడి మీద రుద్దండి. జూమ్ చేస్తే అదే వేలు సన్నటి గీత గీస్తుంది. రుద్దేటప్పుడు ఒంటి గీత మీదే ఆగకుండా పిసరంత బయటికి వెళ్లాలి. మరీ అంచుకు రుద్దితే మనిషి పోయి, చుట్టూ సన్నటి ఎర్ర గీర మిగిలిపోతుంది. అలాగని అరచేతి మందాన రుద్దితే ఫోన్ ఊహించాల్సిన చోటు అనవసరంగా పెరుగుతుంది.

తడి ఇసుక మీద నడిచే ఆవిడతో ఎక్కువమంది తడబడేది నీడ దగ్గర. విశాఖలో సూర్యుడు సముద్రం మీద నుంచి వస్తాడు. సముద్రం కేసి తీసిన పొద్దుటి ఫొటోలో నీడలన్నీ పొడుగ్గా సాగి కెమెరా వైపే పడతాయి. పైగా తడి ఇసుక అద్దంలా ఉంటుంది కాబట్టి ఆవిడ బొమ్మ తలకిందులుగా కింద కూడా ఉంది. అంటే తీసేయాల్సింది మనిషి ఒక్కటే కాదు, నీడా, నీటిలోని బొమ్మా కలిపి మూడు. మనిషిని మాత్రమే చెరిపితే రెండు రకాల తంటాలు వస్తాయి. ఒకటి, యజమాని లేని నీడ ఇసుక మీద పడి ఉంటుంది. రెండోది ఇంకా విచిత్రం: నీడా పాదాలూ మిగిలి ఉండటం చూసి, అక్కడ ఏదో నిలబడి ఉండాలని ఫోన్ అనుకుని, మనిషిని పోలిన మచ్చ ఒకటి మళ్లీ మొలిపిస్తుంది. ఎన్నిసార్లు చెరిపినా మళ్లీ ఏదో వస్తోందంటే, కిందేదో మిగిలిందని అర్థం. మూడింటినీ కలిపి ఒకేసారి రుద్దితే ఈ గొడవ ఉండదు. శామ్‌సంగ్‌లో నీడల్నీ ప్రతిబింబాల్నీ తీయడానికి Erase shadows, Erase reflections అని విడి బటన్లు ఉన్నాయి. అయితే రెండోది గాజు మీద పడే మెరుపుల కోసం, నీళ్లలోని బొమ్మకు పెద్దగా అక్కరకు రాదు.

చెరిపిన చోటే మళ్లీ మళ్లీ చెరపడం కూడా మంచిది కాదు. మొదటిసారి వేసిన మాసిక ఊహ. దాని మీద మళ్లీ రుద్దితే, ఆ ఊహ కూడా చుట్టుపక్కల సరుకులో కలుస్తుంది. మూడు నాలుగుసార్లయ్యేసరికి అక్కడ ఇసుక రేణువులు పోయి, తడిగుడ్డతో తుడిచినట్టు అలికిన మచ్చ మిగులుతుంది. నచ్చకపోతే వెనక్కి బాణం గుర్తు నొక్కి, మొదటి స్థితికి వచ్చి, రుద్దే ఆకారం మార్చి మళ్లీ ప్రయత్నించండి.

ఇక అమ్మ వెనకున్న ఆయన. ఆయన మోచెయ్యి జరీ అంచును తాకుతోంది. చెయ్యి తీసేస్తే, అది కప్పిన చోట అంచు డిజైన్ ఫోన్ కొత్తగా నేయాలి. జరీలో మామిడి పిందెలుంటే, ఒక పిందె సగం కరిగి పక్కదానిలో కలిసిపోతుంది, లేదా బంగారు రంగు మరక ఒకటి వస్తుంది. అంతకంటే పెద్ద ముప్పు, రుద్దేటప్పుడు అమ్మ భుజం గీత కూడా కాస్త తెగడం. చెవి పక్కన జుట్టు, వేళ్ల సందులు, గాజులు, కళ్లజోడు కాడ, వీటిని ఆనుకుని ఉన్నది ఏది చెరిపినా అమ్మకే నష్టం. నన్నడిగితే ఆయన్ని అక్కడే ఉండనివ్వమంటాను. గూగుల్ ఫొటోస్‌లో Erase పక్కనే Camouflage అని ఇంకో బటన్ ఉంటుంది, ఎవరూ దాని జోలికి పోరు. అది మనిషిని తీయదు, చొక్కా రంగును చుట్టుపక్కల రంగులోకి దించుతుంది. పసుపు చొక్కా బూడిదరంగులోకి మారితే చూపు అమ్మ మీదే నిలుస్తుంది, కొంగూ చెదరదు. ఆయన ఫొటో అంచున ఉంటే మాత్రం ఏ ఎరేజరూ అక్కర్లేదు. క్రాప్ చేస్తే చాలు, ఊహించిన పిక్సెల్ ఒక్కటీ ఉండదు.

వరసా లెక్కా ఉన్న దేన్ని కప్పినా ఇదే ఇబ్బంది. అదే బీచ్ రోడ్డులో ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. దాని ముందు నిలబడి తీసుకున్న ఫొటోలో ఎవరో బోర్డు మీది అక్షరాలకు అడ్డం వచ్చారనుకోండి. మనిషి పోతాడు, కానీ అక్షరాల చోట ఏ భాషా కాని గీతలు వస్తాయి. సంక్రాంతి ముగ్గు మీద నిలిపిన బండిని చెరిపినా అంతే. చుక్కలు ఎన్నో, మెలిక ఏ చుక్క చుట్టూ తిరగాలో ఫోన్‌కు పట్టదు. గుడి స్తంభాలు, గ్రిల్లు, మెట్లు, టైల్స్ కూడా ఈ కోవలోవే. నెట్ అవసరమయ్యే పెద్ద ఎడిటింగ్ సౌకర్యాలు, అంటే శామ్‌సంగ్ Generative edit, గూగుల్ Magic Editor లాంటివి, ఇలాంటి చోట్ల మెరుగ్గా కుడతాయి. కానీ అవి కుట్టేది కూడా కొత్త డిజైనే, మీ ఇంటి ముందు వేసిన ముగ్గు కాదు. శామ్‌సంగ్‌లో అలా చేసిన ఫొటో సైజు 12 మెగాపిక్సెల్‌కు తగ్గొచ్చు, మూలన ఒక గుర్తు కూడా పడుతుంది.

పని అయ్యాక తప్పు పట్టుకోవడానికి ఫోన్ తెర చాలదు. వాట్సాప్‌లో చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, ఎందుకంటే అది ఫొటోను కుదించి పంపుతుంది, అలికిన చోటూ మామూలు చోటూ ఒకేలా అయిపోతాయి. గోడకు పెట్టుకోవడానికి పెద్దగా ప్రింటు తీయించాక తెలుస్తుంది మచ్చ సంగతి. డబ్బు కట్టే ముందే ఫొటోను పూర్తిగా జూమ్ చేసి, చెరిపిన చోటు మీదుగా నెమ్మదిగా జరపండి. సముద్రం గీత చెరిపిన చోట ఒక మెట్టు దిగిందా, ఒకే గవ్వో ఒకే అడుగు జాడో పక్కపక్కనే రెండుసార్లు ఉందా, చుట్టూ గరుగ్గా ఉన్న ఇసుక ఒక్కచోట నున్నగా ఉందా చూడండి. ఎవరో పంపిన ఫొటో మీద అనుమానం వచ్చినా చూడాల్సినవి ఇవే.

నున్నగా కుట్టిన మాసిక కూడా తేకూడని చోట్లున్నాయి. 2013లో సిరియా యుద్ధంలో ఫొటోగ్రాఫర్ నార్సిసో కాంట్రెరాస్ ఒక తిరుగుబాటుదారుణ్ని ఫొటో తీశారు. ఫ్రేము కింది మూలన తోటి విలేకరి వీడియో కెమెరా పడింది. దాన్ని చెరిపి, పక్కనున్న నేలతో ఆ చోటు నింపి పంపారు. వార్తకు ఆ కెమెరాతో సంబంధమే లేదు. అయినా విషయం తెలిశాక, 2014 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ ఆయనతో తెగతెంపులు చేసుకుంది. ఆయన పంపిన దాదాపు 500 ఫొటోలనూ వెతికి చూసింది, మరో దిద్దుబాటు కనిపించలేదు. అయినా నిర్ణయం మార్చుకోలేదు. మన స్థాయిలో బండి బీమా క్లెయిముకు పంపే ఫొటో, పొలం గట్టు తగాదాలో తీసిన ఫొటో, పోలీసు ఫిర్యాదుకు జతచేసే ఫొటో, అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడల ఫొటో ఈ కోవలోకే వస్తాయి. పక్కన అడ్డంగా ఉన్న చెత్తబుట్టను తీసేసినా, రేపు ఎవరైనా అడిగితే మిగతా ఫొటోను నమ్మించడం కష్టం.

ఆధార్ కార్డు ఫొటోలో నంబరు దాచడానికి కూడా ఇది సరైన పనిముట్టు కాదు. అంకెల చోట అంకెల్లాంటివే వచ్చి కూర్చోవచ్చు, చూసేవాళ్లు అదే నిజమైన నంబరనుకోవచ్చు. దానికి నిండు నలుపు పట్టీ వేసి, ఆ తర్వాత స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్‌నే పంపడం మంచిది. హైలైటర్ పెన్ను వాడకండి, దాని కింద అంకెలు లీలగా కనిపిస్తూనే ఉంటాయి.

చివరగా, సేవ్ చేసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. గూగుల్ ఫొటోస్‌లో Save copy అని కనిపిస్తే కొత్త ఫొటో విడిగా దాచుకుంటుంది, పాతది అలాగే ఉంటుంది. శామ్‌సంగ్‌లో, ఐఫోన్‌లో మామూలుగా సేవ్ చేస్తే కొత్తదే కనిపిస్తుంది గానీ Revert నొక్కితే పాతది తిరిగొస్తుంది. అంటే మీ ఫోన్ చేతికిచ్చినవాళ్లూ చెరిపినదాన్ని మళ్లీ తెప్పించుకోవచ్చు. ఇంకొకరికి మామూలుగా పంపితే మాత్రం సాధారణంగా వాళ్ల దగ్గరుండేది చెరిపిన ఫొటోనే, వాళ్లకు Revert పనిచేయదు. అందుకే ఫోన్‌లో జాగా చాలక ఫొటోలు తీసేసే రోజున, రెండు ప్రతుల్లో ఎర్ర టీషర్టు కుర్రాడున్న ప్రతినే ఉంచుకోండి. ఆ ప్రతి ఉంటే చెరిపినది ఎప్పుడైనా మళ్లీ చేసుకోవచ్చు.