మూడు కార్టన్లు, యాభై విడి సబ్బులు

ఒక హోల్‌సేల్ కొట్టుకు పది కార్టన్ల సబ్బులు వచ్చాయనుకుందాం. కార్టన్‌కు 96 సబ్బులు, పన్ను కాక ధర 2,000 రూపాయలు. ఓ చిల్లర దుకాణదారు వచ్చి మూడు కార్టన్లు, యాభై విడి సబ్బులు తీసుకెళ్లాడు. కొట్టులో ఇంకెంత ఉంది? వచ్చినవి 960. పోయినవి 288కి 50 కలిపి 338. మిగిలినవి 622, అంటే ఆరు కార్టన్లు, 46 విడి సబ్బులు. కాగితం మీద ఇంత తేలిగ్గా తేలే లెక్క కంప్యూటర్లో తప్పుతోందంటే, సరుకును ఏ కొలతలో దాచాలో ముందే తేల్చుకోలేదన్నమాట.

కార్టన్లలో కొన్నాం కదా అని స్టాకునూ కార్టన్లలోనే ఉంచితే చిక్కు అక్కడే మొదలవుతుంది. యాభై సబ్బులంటే కార్టన్‌లో 0.5208 వంతు. రెండు దశాంశాలకే చోటుంటే 0.52 అని పడుతుంది. దాన్ని మళ్లీ 96తో గుణిస్తే 49.92 వస్తుంది. అమ్మిన ప్రతిసారీ ఇలాంటి తుంపు ఒకటి మిగులుతూ, అరలో సబ్బులన్నీ అయిపోయాక కూడా పుస్తకంలో 0.01 కార్టన్ కనిపిస్తూనే ఉంటుంది. అందుకే అమ్మేవాటిలో అతి చిన్న కొలత ఏదో, ఇక్కడైతే పీసు, అదే స్టాకుకు అసలు కొలత కావాలి. కార్టన్ అనేది ఎంట్రీ వేసేటప్పుడూ, బిల్లులో చూపేటప్పుడూ వాడుకునే రెండో కొలత మాత్రమే. ట్యాలీలో సరుకు వివరాల దగ్గర పీసును ప్రధాన యూనిట్‌గా, కార్టన్‌ను ప్రత్యామ్నాయ యూనిట్‌గా పెట్టుకునే వీలుంది.

అసలు ప్రమాదం కంపెనీ ప్యాకింగ్ మార్చినప్పుడు వస్తుంది. పేరు అదే, అట్టపెట్టె అదే, లోపల మాత్రం 96 బదులు 90 సబ్బులు. గుమాస్తా సరుకు వివరాల్లోకి వెళ్లి 96ను చెరిపి 90 అని కొడతాడు. స్టాకు పీసుల్లో ఉన్న కొట్టుకు ఏమీ కాదు, 622 సబ్బులు 622గానే ఉంటాయి. కార్టన్లలో దాచిన కొట్టులో మాత్రం ఆ 6.479 కార్టన్లను కంప్యూటర్ ఇప్పుడు 90తో గుణించి 583 అంటుంది. ఎవరూ ముట్టుకోకుండానే పుస్తకంలోంచి 39 సబ్బులు మాయమైపోయాయి. పాత బిల్లును మళ్లీ ప్రింటు తీస్తే, 288 సబ్బులు తీసుకెళ్లిన దుకాణదారు పేరు మీద 270 పడవచ్చు. కాబట్టి పాత నిష్పత్తిని చెరపకూడదు. 90 ప్యాకింగ్‌కు వేరే యూనిట్ తెరవాలి. ప్రతి బిల్లు వరుసలోనూ కార్టన్ల పక్కన ఆనాటి పీసుల సంఖ్య కూడా నమోదై ఉండాలి. కొనుగోలు బిల్లు ఎక్కించే ముందు పెట్టె మీద అచ్చువేసిన సంఖ్యను ఒకసారి చూడడం గుమాస్తాకు అలవాటు కావాలి.

మరో తప్పు ఇంకా మామూలుగా జరుగుతుంది. పది కార్టన్లని కొట్టాల్సిన చోట యూనిట్ మార్చడం మరిచి పది పీసులని కొడతారు. 338 అమ్మేసరికి స్టాకు మైనస్ 328 చూపిస్తుంది. అది కనిపిస్తే అదృష్టమే. పాత నిల్వ బాగా ఉంటే మైనస్ రాదు, తప్పు దాగిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి చక్కని ఉపాయం ఒకటుంది. సరుకు లెక్కపెట్టినప్పుడు వచ్చిన తేడాను, కార్టన్‌లోని సంఖ్యకు ఒకటి తక్కువతో, అంటే 95తో భాగించి చూడాలి. ఇక్కడ తేడా 960లోంచి 10 పోగా 950, 95తో నిశ్శేషంగా పోతుంది. అలా పోతే దొంగతనం కోసం వెతికే ముందు ఆ సరుకు కొనుగోలు ఎంట్రీల్లో యూనిట్ గడి చూడాలి.

ధర విషయంలో మాత్రం భాగహారాన్ని గుడ్డిగా నమ్మకూడదు. 2,000ను 96తో భాగిస్తే 20.8333 వస్తుంది. దాన్ని 20.83కు కుదించి కొనుగోలు వేస్తే కార్టన్‌కు 32 పైసలు తేడా పడి కంపెనీ బిల్లుతో మొత్తం కలవదు. కొన్న ధరను కార్టన్ మీదే వేసి, పీసు ఖరీదును కంప్యూటర్‌కే వదలాలి. అమ్మకంలో రెండు ధరలూ వేర్వేరుగా ఉండాలి. కార్టన్‌గా తీసుకుంటే 2,160, విడిగా అయితే సబ్బు 24 రూపాయలు. మన దుకాణదారు బిల్లు పన్ను కాక 6,480కి 1,200 కలిపి 7,680.

జీఎస్టీ బిల్లులో పరిమాణంతో పాటు యూనిట్ కూడా రాయాలి. కార్టన్‌కు CTN, పీసుకు PCS కోడ్‌లు. మూడునూ యాభైనీ కలిపి 53 అని నెల రిటర్న్‌లోకి ఎక్కిస్తే అది ఏ కొలతా కాదు. అన్నీ పీసుల్లోకి మార్చి 338 PCS అని చూపితే స్టాకు పుస్తకంతో సరిపోతుంది.

సరుకు తిరిగొచ్చినప్పుడు కూడా ఈ తేడా గుర్తుండాలి. కార్టన్ ధరకు కొన్న వాటిలోంచి ఇరవై సబ్బులు వెనక్కి వస్తే, క్రెడిట్ నోట్ 24 చొప్పున కాదు, 2,160ని 96తో భాగించగా వచ్చే 22.50 చొప్పున 450 రూపాయలకు వేయాలి. విడి ధర వేస్తే కొట్టు ముప్పై రూపాయలు ఎక్కువ ఇచ్చినట్టే. ఆ సబ్బులు ఏ వరుసలో అమ్మినవో తెలియాలంటే క్రెడిట్ నోట్ మీద పాత బిల్లు నంబరు ఉండాల్సిందే.