నిల్వ గీజరును వర్ణించడం: పెట్టె మీది అంకెలు, ఇంట్లోని నీళ్ళు

గీజరు కొనడానికి దుకాణానికి వెళ్ళినవారు సాధారణంగా ముందు అడిగేది "ఎన్ని స్టార్లు?" అని. ఈ పాఠ్యభాగంలో ఆ ప్రశ్నను కాస్త వెనక్కి నెట్టి, ఎన్ని నీళ్ళు కావాలి అన్న లెక్కతో మొదలుపెడదాం. ఒక గృహోపకరణాన్ని వర్ణించమన్నప్పుడు కరపత్రంలోని అంకెలు ఎత్తిరాస్తే చాలదు. ఆ అంకె ఒక ఇంట్లో ఏం చేస్తుందో మీరు చెప్పగలగాలి.

ఉదాహరణకు ఆమదాలవలసలో నలుగురున్న ఒక ఇల్లు తీసుకోండి. మేడ మీద నీళ్ళ ట్యాంకు, పెరట్లో బోరు ఉన్నాయి. జనవరి తెల్లవారుజామున ట్యాంకు నీరు 22 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుందాం. సాలూరు, కురుపాం వైపు కొండ అంచు ఊళ్ళలో ఇంతకంటే చల్లగా ఉంటుంది. స్నానానికి 40 డిగ్రీల నీరు సరిపోతుంది. గీజరు నీటిని 60 డిగ్రీలకు కాస్తుంది. దానికి చన్నీళ్ళు కలుపుకొని పోసుకుంటాం.

15 లీటర్ల గీజరులో 60 డిగ్రీల నీరు నిండుగా ఉంటే, 22 డిగ్రీల నీరు ఎంత కలిపితే 40 డిగ్రీలు అవుతుంది? వేడినీరు 20 డిగ్రీలు దిగాలి, చన్నీరు 18 డిగ్రీలు ఎక్కాలి. కాబట్టి 15 × 20 / 18, అంటే దాదాపు 17 లీటర్ల చన్నీరు కలపవచ్చు. మొత్తం 32 లీటర్లు వస్తుంది. మనిషికి 25 లీటర్ల చొప్పున చూస్తే ఒకరి స్నానం అయి కొంచెం మిగులుతుంది. 25 లీటర్ల గీజరైతే ఇదే లెక్కన సుమారు 53 లీటర్లు, అంటే ఇద్దరికి. వాడుతున్నకొద్దీ అడుగు నుంచి చన్నీరు లోపలికి వస్తుంది కాబట్టి నిజంగా దక్కేది ఈ లెక్కకు కొంచెం తక్కువే.

ఇప్పుడు కరెంటు సంగతి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 1.163 వాట్-అవర్లు కావాలి. 15 లీటర్లను 22 నుంచి 60కి తేవడానికి 15 × 38 × 1.163 = 663 వాట్-అవర్లు, అంటే యూనిట్‌లో మూడింట రెండు వంతులు. 2000 వాట్ల ఎలిమెంటుకు ఇది 20 నిమిషాల పని. 25 లీటర్లకు 33 నిమిషాలు పడుతుంది. నలుగురి స్నానాలకు కావలసిన 100 లీటర్ల గోరువెచ్చని నీటికి మాత్రం ఏ గీజరైనా కనీసం 2.1 యూనిట్లు తీసుకోవలసిందే. పెద్ద గీజరు వల్ల మారేది మనం వేచి ఉండే సమయమే. నలుగురూ ఒకేసారి బడికీ ఆఫీసుకీ బయలుదేరే ఇంటికి 25 లీటర్లు నప్పుతుంది. వేళలు వేరైతే 15 చాలు.

వోల్టేజీ పడిపోయే ఊళ్ళలో ఈ 20 నిమిషాలు 20 నిమిషాలుగా ఉండవు. ఎలిమెంటు శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు ఇచ్చేది 190 దగ్గర 1365 వాట్లే ఇస్తుంది. అప్పుడు అదే నీటికి 29 నిమిషాలు పడుతుంది. గీజరు పాడైందని మెకానిక్‌ను పిలిచే ముందు వోల్టేజీ చూడండి.

ఇక స్టార్లు. కేంద్ర ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే లేబుల్ మీద "స్టాండింగ్ లాస్" అనే అంకె ఉంటుంది. కాగిన నీటిని వాడకుండా అలాగే ఉంచితే, లోపలికీ బయటికీ 45 డిగ్రీల తేడా ఉన్నప్పుడు, 24 గంటల్లో పెట్టె గోడల గుండా ఎన్ని యూనిట్ల వేడి పోతుందో ఆ అంకె చెబుతుంది. స్టార్లు దీన్ని బట్టే వస్తాయి. నీళ్ళు ఎంత త్వరగా కాగుతాయన్నది స్టార్లలో లేదు. ఎలిమెంటు నీటిలో మునిగే ఉంటుంది కాబట్టి దాని వేడి దాదాపు అంతా ఎలాగూ నీటికే చేరుతుంది.

లెక్క కోసం ఒక గీజరుకు ఈ నష్టం 0.6, ఇంకొకదానికి 0.9 యూనిట్లు అనుకోండి. మన ఇంట్లో తేడా 38 డిగ్రీలే కాబట్టి, రోజంతా స్విచ్ వేసి ఉంచితే వీటి మధ్య వ్యత్యాసం రోజుకు 0.25 యూనిట్, నెలకు 7, 8 యూనిట్లు. ఉదయం మూడు గంటలే వేస్తే నెలకు ఒక యూనిట్‌కు మించదు. హాస్టలు, లాడ్జి, ఆసుపత్రి లాంటి చోట్ల ఐదు స్టార్లకు పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. మన ఆమదాలవలస ఇంట్లో ఆ డబ్బు ఎలిమెంటు మీదా వైరింగు మీదా పెట్టమని నేను సలహా ఇస్తాను.

ఎందుకంటే ఆ ఇంట్లో ఉన్నది బోరు నీరు. ఎలిమెంటు అంటే నిక్రోమ్ తీగ చుట్ట. దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, ఆ పైన లోహపు గొట్టం ఉంటాయి. వేడిని పోనిచ్చి, కరెంటును ఆపేది ఆ పొడి. పై గొట్టం రాగిది కావచ్చు, నికెల్-ఇనుము-క్రోమియం మిశ్రమమైన ఇన్‌కలాయ్‌ది కావచ్చు. కొన్నిటికి గాజుపూత కూడా ఉంటుంది. కఠిన జలంలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోతుంది:

Ca(HCO₃)₂ → CaCO₃ + H₂O + CO₂

అలా వచ్చిన కాల్షియం కార్బొనేట్, పళ్ళకు గార పట్టినట్టు, అన్నిటికంటే వేడిగా ఉన్న ఎలిమెంటు మీదే పేరుకుంటుంది. అది వేడిని నీటికి చేరనివ్వదు. గొట్టం లోపలే అతిగా కాగి చివరకు పగులుతుంది. కాగేటప్పుడు గీజరులో బుడబుడమని, చిటపటమని శబ్దం, నీళ్ళు కాగడానికి మునుపటికంటే ఎక్కువ సమయం, కుళాయిలో తెల్లని నలుసులు ఇందుకు గుర్తులు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది. ప్రత్యామ్నాయం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. సబ్బు నురగ రాక, బకెట్ అంచున తెల్లని చార కట్టే ఇంట్లో ఇన్‌కలాయ్ లేదా గాజుపూత ఎలిమెంటు తీసుకొని, థర్మోస్టాట్‌ను 55 దగ్గర ఉంచండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీని కూడా ఏడాదికోసారి చూపించాలి. వంశధార, నాగావళి నీరు కుళాయిల్లో వచ్చే ఇళ్ళకు ఈ బెడద సాధారణంగా తక్కువ.

అమరిక దగ్గర ప్రాణానికే ముప్పు ఉంది. 2000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపియర్లు. ఫ్యానుకు, ఫోను ఛార్జరుకు వాడే 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే అది కరుగుతుంది. 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్, బోర్డు నుంచి విడిగా లాగిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, నిజంగా పనిచేసే ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి. పగిలిన ఎలిమెంటు నుంచి కరెంటు నీటిలోకి వచ్చినప్పుడు దాన్ని తెంచేది ఇదే. గీజరు వేసినప్పుడల్లా ఆర్.సి.సి.బి. పడిపోతుంటే అది ఎలిమెంటు ఇన్సులేషన్ పోయిందని చెబుతున్నట్టు లెక్క. దాన్ని తప్పించి నేరుగా కలపమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టు లోడు ఒక కిలోవాటే ఉంటే ముందు దాన్ని పెంచుకోండి.

బిగించాక వేడినీటి కుళాయి నుంచి ధార వచ్చేదాకా స్విచ్ వేయకూడదు. ట్యాంకు నిండకపోతే ఎలిమెంటు ఖాళీలో కాలిపోతుంది. మరొక విషయం. 15 లీటర్ల నీరు 22 నుంచి 60 డిగ్రీలకు కాగితే పావు లీటరుకు కాస్త తక్కువగా వ్యాకోచిస్తుంది. ఆ గ్లాసెడు నీరు చన్నీటి గొట్టం దగ్గరి సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలుగా కారుతుంది. లీకు అనుకొని దానికి బిరడా కొట్టించేవారున్నారు. అలా చేస్తే పీడనం పోయే దారి మూసుకుపోతుంది. చన్నీళ్ళప్పుడు కూడా ఆగకుండా కారుతుంటేనే వాల్వు మార్చాలి.

అభ్యాసం: మీ ఇంటి ట్యాంకు నీరు ఉదయం 18 డిగ్రీలు ఉంటే, 60 డిగ్రీల వరకు కాచే 15 లీటర్ల గీజరు నుంచి 40 డిగ్రీల నీరు ఎంత వస్తుంది? (జవాబు: సుమారు 28.6 లీటర్లు.) ఆపై మీ ఇంటికి తగిన గీజరును సామర్థ్యం, స్టార్లు, ఎలిమెంటు, అమరికలతో పదిహేను పంక్తుల్లో వర్ణించి, ప్రతి ఎంపికకు కారణం రాయండి.