సెలవు చీటీలో మార్కుల లెక్క

ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీయో పీజీయో చదివేవాళ్ళు పరీక్షల ముందు ఆఫీసులో పెట్టే అర్జీ దాదాపు ఒకేలా ఉంటుంది. ‘నాకు పరీక్షలున్నాయి, దయచేసి కొన్ని రోజులు సెలవు ఇప్పించగలరు’ అని రాస్తారు. ఆ ‘కొన్ని రోజులు’ చూడగానే మేనేజరుకు అనుమానం వస్తుంది. ఎన్ని రోజులో, ఎందుకు అన్ని రోజులో తెలియని చోట ఎవరైనా తగ్గించే ఇస్తారు. పైగా కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1972 నాటి నిబంధనల్లో ఉన్న చదువు సెలవు లాంటిది ప్రైవేటు కంపెనీలో హక్కుగా అడగడానికి సాధారణంగా ఉండదు. తన ఖాతాలో ఉన్న సెలవుల్నే ఒప్పించి వాడుకోవాలి. ఒప్పించడానికి మార్కుల లెక్కను మించిన ఆధారం లేదని నా నమ్మకం.

విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల కంపెనీలో పనిచేసే ఒక అకౌంటెంటును ఊహించుకుందాం. ఆమె ఇగ్నోలో ఎం.కాం. చదువుతోంది. సీనియర్ హోదాకు పీజీలో 55 శాతం ఉండాలన్నది కంపెనీ షరతు. డిసెంబరులో మూడు పేపర్లు రాయాలి. పాసైన పేపర్ల సగటు సరిగ్గా 55 దగ్గర ఉంది కాబట్టి మిగిలినవాటిలోనూ అంత తెచ్చుకోవాలి.

అక్కడ ప్రతి పేపరులో అసైన్‌మెంటుకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం విలువ. మొదటి పేపరు అసైన్‌మెంటులో ఆమెకు నూటికి 70 వచ్చాయి. అందులో 30 శాతమంటే 21. 55లోంచి 21 తీసేస్తే 34 మిగిలింది. దాన్ని 0.7తో భాగిస్తే 48.6, అంటే పరీక్షలో 49 రావాలి. రెండో పేపరు అసైన్‌మెంటులో 60 వచ్చాయి గనుక పరీక్షలో 53 కావాలి. మూడోదాంట్లో 75 వచ్చాయి, 47 చాలు.

చిక్కంతా ఆ మూడో పేపరుతోనే. జూన్‌లో అదే పేపరు రాస్తే 31 వచ్చాయి. అసైన్‌మెంటుతో కలిపితే 44 దాటింది, అయినా పాస్ కాలేదు. ఎందుకంటే అసైన్‌మెంటులోనూ పరీక్షలోనూ విడివిడిగా 40 శాతం రావాలి. ఒకదాంట్లోని మిగులు రెండోదాని లోటును పూడ్చదు. మొత్తం మార్కులు చూసుకుని ధైర్యంగా ఉండేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. అర్జీ రాసేముందు పేపరు పేపరుకూ ఈ రెండు గీతలూ చూసుకోవాలి.

ఇప్పుడు అర్జీ రాయడం తేలిక. అకౌంట్స్ మేనేజరుకు ఆమె రాసేది ఇలా ఉండొచ్చు:

‘అయ్యా, నా ఎం.కాం.లో మూడు పేపర్లు మిగిలాయి. తాత్కాలిక టైంటేబుల్ ప్రకారం అవి డిసెంబరు 12, 17, 23 తేదీల్లో ఉన్నాయి. 55 శాతానికి వరుసగా 49, 53, 47 మార్కులు రావాలి. మూడో పేపరు జూన్‌లో 31తో తప్పింది. అందుచేత పరీక్ష రోజులు మూడింటికీ, 16, 22 తేదీలకూ కలిపి నా ఖాతాలోంచి ఐదు రోజుల సెలవు మంజూరు చేయగలరు. 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి పనులకు నేను ఆఫీసులోనే ఉంటాను. సెలవు రోజుల్లో బిల్లుల నమోదు చూడటానికి జూనియర్ అకౌంటెంటు గారు ఒప్పుకున్నారు. హాల్‌టికెట్ రాగానే తేదీలు ఖరారు చేసి జతపరుస్తాను.’

ఇందులో బతిమాలడం లేదు, ఇంటి కష్టాల ఏకరువూ లేదు. జీఎస్టీ గడువుల ప్రస్తావన మాత్రం చాలా విలువైనది. మేనేజరు మనసులో మొదట మెదిలే ప్రశ్నకు అది ముందే జవాబు చెబుతుంది. పదకొండో తేదీ పని తన మీదే ఉందని ఆమె మొదటి పేపరుకు ముందురోజు సెలవు అడగలేదు. ఆ సంగతి అవతలివాళ్ళు గమనిస్తారు. తాత్కాలిక టైంటేబుల్ వచ్చిన వెంటనే అర్జీ పెట్టేయాలి. హాల్‌టికెట్ కోసం ఆగితే పరీక్షలు ముంగిట్లోకి వచ్చేస్తాయి, అప్పటికి మిగతావాళ్ళ సెలవులు ఖరారైపోతాయి. జ్వరమని చెప్పి పరీక్షకు వెళ్ళడం మరీ ప్రమాదం. రేపు పట్టా కాగితాలు హెచ్ఆర్‌కు ఇచ్చేటప్పుడు పరీక్ష ఎప్పుడు రాశారో అందులోనే కనబడుతుంది.

ఐదు రోజులు కుదరదు, నాలుగే ఇస్తామంటే ఏ రోజు వదులుకోవాలి? ఎక్కువ మార్కులు కావలసింది రెండో పేపరుకే కాబట్టి పదహారో తేదీని పట్టుకోవాలనిపిస్తుంది. అది సరికాదు. రెండో పేపరులో 53కు బదులు 50 వచ్చినా పాసవుతుంది, ఆ రెండు మార్కుల తరుగును మరో పేపరు సర్దగలదు. మూడోది మళ్ళీ 40 లోపు ఆగితే జూన్ దాకా పట్టా రాదు, ఫీజు మళ్ళీ కట్టాలి. వదలాల్సింది పదహారు, ఉంచుకోవాల్సింది ఇరవై రెండు.