ప్లగ్ పెట్టినా ఛార్జింగ్ ఎక్కదేం?

ఛార్జర్ పెట్టారు. తెర మూలన ప్లగ్ గుర్తు కూడా వచ్చింది. కానీ బ్యాటరీ శాతం కదలదు. గుర్తు మీదికి మౌస్ తీసుకెళ్తే “Plugged in, not charging” అని కనిపిస్తుంది. ఇది చూడగానే చాలామంది బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. కాస్త ఆగాలి. కరెంటు ల్యాప్‌టాప్ దాకా వచ్చింది, దాంతోనే ల్యాప్‌టాప్ నడుస్తోంది, బ్యాటరీలోకి మాత్రం పంపడం లేదు అన్నదే ఆ మాటకు అర్థం. పంపకుండా ఆపింది లోపలున్న ఛార్జింగ్ నియంత్రణ. అది ఎందుకు ఆపిందో తెలిస్తే ఏది బాగుచేయాలో తెలుస్తుంది.

ముందు అంకె ఎక్కడ ఆగిందో చూడండి. సరిగ్గా 60 దగ్గరో, 80 దగ్గరో ఆగితే చాలావరకు అసలు చెడిపోయిందేమీ ఉండదు. లిథియం అయాన్ బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచితే త్వరగా అరిగిపోతుంది. అందుకని కంపెనీలు ఒక హద్దు దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం పెట్టాయి. లెనోవోలో దాని పేరు Conservation Mode, ఆసుస్‌లో Battery Health Charging. ల్యాప్‌టాప్‌తో వచ్చిన కంపెనీ యాప్‌లో దాన్ని ఆపితే అంకె మళ్లీ కదులుతుంది. రోజంతా ప్లగ్‌లోనే ఉంచి పనిచేసేవాళ్లు దాన్ని అలాగే వదిలేయడం మంచిది.

అంకె 34 దగ్గరో, 7 దగ్గరో ఆగిందంటే సంగతి వేరు. మా బంధువుల్లో ఇంజినీరింగ్ చదివే అబ్బాయికి ఇలాగే జరిగింది. అతనిది గుండ్రటి పిన్ను ఉన్న 65 వాట్ల ఛార్జర్. 34 శాతం దగ్గర ఆగిపోయింది. పైగా ప్లగ్‌లో ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించేది. దుకాణంలో ఛార్జర్‌ని మీటరుతో చూసి, రావలసిన 19.5 వోల్టులూ వస్తున్నాయి కాబట్టి బ్యాటరీ మార్చాలన్నారు.

నెమ్మదించడం అనేదే ఇక్కడ అసలు ఆనవాలు. డెల్, హెచ్‌పీ వంటి కంపెనీల గుండ్రటి పిన్ను లోపలికి చూస్తే మధ్యలో సన్నని సూది లాంటిది ఒకటి ఉంటుంది. అది బ్యాటరీకి కరెంటు మోయడానికి పెట్టింది కాదు. తానెవరో, ఎన్ని వాట్లు ఇవ్వగలదో ఛార్జర్ ల్యాప్‌టాప్‌కి చెప్పుకునే దారి అది. కరెంటు వచ్చేది ఆ సూది చుట్టూ ఉన్న లోహపు గొట్టం లోపలి గోడ, బయటి గోడల నుంచి. సూది వంగినా, దాని వెంట వచ్చే సన్న తీగ తెగినా కరెంటు మామూలుగానే వస్తుంది, గుర్తింపు మాత్రం అందదు. ఈ ఛార్జర్ బలమెంతో తెలియనప్పుడు ల్యాప్‌టాప్ జాగ్రత్తపడుతుంది. బ్యాటరీకి పంపడం మానేస్తుంది, ప్రాసెసర్ వేగం తగ్గించుకుని ఉన్నదాంతో నెట్టుకొస్తుంది. మీటరు కొలిచేది వోల్టులనే కాబట్టి ఈ లోపం దానికి దొరకదు. ఇంట్లో మీటరు ఉన్నా ఇలాంటి పిన్నులో దాని మొనలు దూర్చకండి. పొరపాటున సూదికీ గోడకీ కలిసిందంటే గుర్తింపు చిప్పు కాలిపోవచ్చు.

దీన్ని తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. డెల్ ల్యాప్‌టాప్‌ని ఆన్ చేస్తూ F2 నొక్కుతూ ఉంటే BIOS తెరుచుకుంటుంది. అందులో బ్యాటరీ, అడాప్టర్ వివరాలున్న చోట 65W అని ఉంటే గుర్తింపు అందుతున్నట్టు, Unknown అని ఉంటే అందనట్టు. మిగతా కంపెనీల్లో నొక్కాల్సిన మీట వేరుగా ఉండొచ్చు, కొన్నిటిలో ఈ వివరమే కనిపించకపోవచ్చు. అప్పుడు అదే కంపెనీ, అదే పిన్ను, అన్నే వాట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ఛార్జర్ ఒకటి స్నేహితుల దగ్గర తెచ్చి పెట్టి చూడాలి. మన ఛార్జర్‌ని వాళ్ల ల్యాప్‌టాప్‌కి కూడా పెట్టి చూడాలి. రెండో పరీక్షను చాలామంది వదిలేస్తారు గానీ తప్పు ఎటువైపు ఉందో తేల్చేది అదే. ఆ అబ్బాయి హాస్టల్లో పక్క గది ఛార్జర్ తెచ్చి పెట్టగానే అంకె కదిలింది. అతని ఛార్జర్ పెడితే పక్క గది ల్యాప్‌టాప్‌లో కూడా ఛార్జింగ్ ఎక్కలేదు. తీగను బ్యాగులో బిగించి చుట్టి పెట్టడంతో పిన్ను మొదట్లో, రబ్బరు కింద, సన్న తీగ తెగింది. కొత్త ఛార్జర్‌తో సరిపోయింది. బ్యాటరీ జోలికి పోలేదు.

యూఎస్‌బీ-సి పోర్టున్న ల్యాప్‌టాప్‌లలో సూది ఉండదు, కానీ ఈ మాటామంతీ ఉంటుంది. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అన్నది ఛార్జర్, ల్యాప్‌టాప్ ముందుగా మాట్లాడుకుంటాయి. చాలా ల్యాప్‌టాప్‌లు 20 వోల్టులు కోరతాయి. ఫోను ఛార్జర్ 9 వోల్టుల దగ్గరే ఆగిపోతే బ్యాటరీకి చాలదు. కేబుల్ కూడా చూసుకోవాలి. మామూలు సి కేబుల్ 3 ఆంపియర్ల వరకే, అంటే 60 వాట్లే మోస్తుంది. 65 వాట్లు పూర్తిగా కావాలంటే 5 ఆంపియర్లదని రాసి ఉన్న కేబుల్ ఉండాలి.

వేరే మంచి ఛార్జర్ పెట్టినా ఎక్కకపోతే పోర్టు చూడాలి. పిన్ను వదులుగా ఊగుతుంటే, కాస్త కదిపితే ఛార్జింగ్ గుర్తు వచ్చిపోతుంటే, ఆ చోట వేడెక్కుతుంటే జాక్ లోపల సడలినట్టే. సి పోర్టులో బట్ట నూగు పేరుకుని పిన్ను పూర్తిగా దిగకపోవడం కూడా మామూలే. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఛార్జర్ తీసేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లిగా తీయండి. గుండుసూది వాడకండి. చాలా మోడళ్లలో గుండ్రటి జాక్ చిన్న తీగతో విడిగా వస్తుంది కనుక మార్చడం తేలిక. సి పోర్టు ఎక్కువగా మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, దానికి నేర్పరి చెయ్యి కావాలి.

ఛార్జర్, పోర్టు రెండూ బాగున్నాయని తేలాకే బ్యాటరీ వంతు. విండోస్‌లో Command Prompt తెరిచి ఇలా కొట్టండి:

```
powercfg /batteryreport
```

అది ఒక ఫైలు తయారుచేసి, ఎక్కడ పెట్టిందో చెబుతుంది. తెరిస్తే DESIGN CAPACITY, FULL CHARGE CAPACITY అని రెండు అంకెలుంటాయి. మొదటిది కొత్తలో పట్టే శక్తి, రెండోది ఇప్పుడు పట్టేది. మొదటిది 41,040, రెండోది 17,600 అనుకోండి. అంటే 43 శాతమే మిగిలింది, మార్చుకోవాల్సిన వయసు వచ్చింది. అయితే అరిగిన బ్యాటరీ కూడా సాధారణంగా ఛార్జింగ్ ఎక్కుతుంది, త్వరగా దిగిపోతుందంతే. అసలే ఎక్కడం లేదంటే నెలల తరబడి వాడక సెల్ వోల్టేజి మరీ పడిపోవడమో, లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని మూసేయడమో జరిగి ఉండాలి. వేడి వల్ల కూడా ఆగుతుంది. సెల్ సుమారు 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ మామూలుగా ఆపేస్తారు. మే నెల మధ్యాహ్నం పరుపు మీద పెట్టి వాడితే ఆ వేడి రావడం కష్టమేం కాదు. ఆఫ్ చేసి చల్లని చోట అరగంట ఉంచి మళ్లీ చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బి బల్ల మీద సరిగా ఆనకపోయినా ఇక ఏ పరీక్షా వద్దు. వెంటనే ఛార్జర్ తీసేసి, నొక్కకుండా, గుచ్చకుండా మరమ్మతుకు ఇచ్చేయాలి.

కొన్నిసార్లు నియంత్రణ చిప్పే పాత లెక్కలో ఇరుక్కుపోతుంది. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కిపట్టి, తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే చాలా మోడళ్లలో అది సర్దుకుంటుంది. అప్పటికీ కదలకపోతే మదర్‌బోర్డు మీద ఛార్జింగ్ సర్క్యూట్ చూడాల్సిందే. బోర్డంతా మార్చాలంటే ఒప్పుకునే ముందు, చిప్పు స్థాయిలో మరమ్మతు చేసే దుకాణంలో ఒకసారి అడగండి. ఏ ఛార్జర్‌తో చూశారో, BIOS ఏం చూపిందో, రిపోర్టులో ఏ అంకెలున్నాయో వాళ్లకు చెబితే నేరుగా బోర్డు దగ్గరే మొదలుపెడతారు.