ఒకే కంపెనీ, ఒకే రోజు, రెండు విలువలు

బెంగళూరు కంపెనీ బైజూస్‌లో వాటాలున్న రెండు పెద్ద విదేశీ సంస్థలు 2023 మార్చి 31 నాటికి తమ వాటాలకు విలువ కట్టాయి. అమెరికాకు చెందిన బ్లాక్‌రాక్ ఒక్కో షేరుకు వేసుకున్న ధరను బట్టి మొత్తం కంపెనీ విలువ సుమారు 840 కోట్ల డాలర్లని తేలింది. నెదర్లాండ్స్‌కు చెందిన ప్రోసస్ లెక్క ప్రకారం మాత్రం సుమారు 510 కోట్ల డాలర్లే. అంతకుముందు ఏడాది అదే కంపెనీ విలువ 2,200 కోట్ల డాలర్లని చెప్పుకున్నారు. 2024 జూన్‌లో వెల్లడించిన లెక్కల్లో ప్రోసస్ తన వాటా విలువను సున్నా చేసేసింది. ఈ రెండు సంస్థలు తమ వాటాలకు కట్టిన విలువలను అకౌంటింగ్ భాషలో ‘ఫెయిర్ వాల్యూ’ అనే అంటారు.

ఆ రోజున ఆ ఆస్తిని మామూలు పద్ధతిలో అమ్మితే మార్కెట్లో ఎంత వస్తుందో అదే ఫెయిర్ వాల్యూ. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో పాఠకుడికి తెలియాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 13, మన దేశంలో ఇండ్ ఏఎస్ 113 మూడు అంచెలు పెట్టాయి. స్టాక్ ఎక్స్ఛేంజీలో రోజూ చేతులు మారే షేరుకు ఆ రోజు ముగింపు ధర ఉంటుంది, అది లెవెల్ 1. బ్యాంకుతో కుదుర్చుకున్న డాలర్ ఫార్వర్డ్ కాంట్రాక్టుకు నేరుగా ధర కనిపించకపోయినా మారకపు రేటు, వడ్డీ రేట్లు అందరికీ కనిపిస్తాయి. వాటితో లెక్కగడితే లెవెల్ 2. ఎక్స్ఛేంజీలో లేని కంపెనీ షేరుకు అలాంటి ఆధారం కూడా దొరక్క, యాజమాన్యం సొంత అంచనాల మీదే విలువ నిలిస్తే లెవెల్ 3. లెక్కలో తొమ్మిది వివరాలు బయట కనిపించేవే అయినా, ఫలితాన్ని గట్టిగా మార్చగల పదోది అంచనా అయితే మొత్తం విలువ లెవెల్ 3 కిందికే పోతుంది.

ఈ అంచనాల బలం ఎంతో ఒక ఊహా కంపెనీతో చూద్దాం. వచ్చే ఏడాది దాని చేతికి 10 కోట్ల రూపాయల నగదు మిగులుతుంది. ఆ మిగులు ఏటా 5 శాతం పెరుగుతుందనీ, మదుపుదారు 12 శాతం రాబడి కోరతాడనీ అనుకుందాం. ఆ రెంటికీ తేడా 7 శాతం. 10 కోట్లను దానితో భాగిస్తే విలువ సుమారు 143 కోట్లు. ఇప్పుడు పెరుగుదలను 6 శాతానికి పెంచి, కోరే రాబడిని 11కి తగ్గిస్తే అదే కంపెనీ 200 కోట్లవుతుంది. పెరుగుదల 4, రాబడి 13 అంటే 111 కోట్లే. ఒక్కో అంచనా కదిలింది ఒక్క శాతమే. 11 శాతం తప్పని, 13 శాతమే సరైనదని ఆడిటర్ కూడా గట్టిగా నిరూపించలేడు, ఎందుకంటే సరిపోల్చడానికి బయట ధర లేదు.

అమ్మినప్పుడు గిట్టుబాటయ్యే ధరకు సాక్ష్యంగా చాలామంది చివరిసారి నిధులు సమీకరించిన ధరను చూపుతారు. కానీ ఆ ధర ప్రత్యేక హక్కులున్న కొత్త షేర్లది. కంపెనీ మూతపడితే ముందు డబ్బు అందుకునే హక్కు వాటికి ఉండొచ్చు. ఆ ధరతో ఏ హక్కూ లేని పాత షేర్లన్నింటినీ హెచ్చవేసి కంపెనీ విలువ ఇంత అనడం పెద్ద పొరపాటు. పైగా ఆ ధర పాతబడుతున్నకొద్దీ పరిస్థితి మారినా అంకె మాత్రం అలాగే నిలబడిపోతుంది.

లెవెల్ 3 అంటే మోసమని కాదు. లెవెల్ 1 షేరు కూడా రేపు సగానికి పడిపోవచ్చు. లెవెల్ చెప్పేది నష్టం వస్తుందా రాదా అని కాదు, ఈ రోజు రాసిన అంకెను బయటివాడు ఎంతవరకు సరిచూడగలడని. అసలు ప్రమాదం లాభనష్టాల ఖాతాలో ఉంది. అంచనా మార్చగానే పెరిగిన విలువ చాలా సందర్భాల్లో ఆ ఏడాది లాభంగానే కనిపిస్తుంది. ఎవరి దగ్గరా ఒక్క రూపాయి చేతికి రాకపోయినా మేనేజర్ల బోనస్, ఫండ్ ఫీజు ఆ అంకె మీదే ఆధారపడొచ్చు. అంకెను ఎక్కువగా చూపాలనే ఒత్తిడి అక్కడే పుడుతుంది.

అందుకే వార్షిక నివేదికలో లాభం చూసి ఆగకండి, ‘ఫెయిర్ వాల్యూ’ నోట్ తెరవండి. అంచనా కాస్త మారితే విలువ ఎంత మారుతుందో అక్కడ రాసి ఉండాలి. లెవెల్ 3 ఆస్తుల్లో ఏడాది మొదట ఎంత ఉంది, కొన్నదెంత, అమ్మినదెంత, అమ్మకుండానే పెరిగినదెంత అనే పట్టిక కూడా ఉంటుంది. అమ్మకుండా పెరిగిన మొత్తం ఏటా పెద్దదవుతూ, అమ్మినవి మాత్రం పుస్తకంలోని విలువకన్నా తక్కువకే పోతుంటే, ఆ కంపెనీ చెప్పే లాభాన్ని తగ్గించుకుని చదవండి.